నాలుక కింద తీగ కోయించే ముందు పాలు తాగడం చూడమనండి

ప్రశ్న: మా పాపకు మూడు వారాలు. నాలుక కింద తీగ అంటుకుని ఉంది, కోయించేయండి అంటున్నారు. కోయించకపోతే పెద్దయ్యాక మాటలు సరిగ్గా రావా?

మాటల భయంతో అయితే ఇప్పుడు కోయించకండి. ఈ వయసులో కోయించడానికి సరైన కారణం పాలు సరిగ్గా తాగలేకపోవడం, దానివల్ల తల్లికి నొప్పి, అంతే.

మా బాబు ఏడ్చినప్పుడు నాలుక పైకి లేచేది కాదు, చివర మధ్యలో నొక్కు పడేది. పాలు తాగుతుంటే టక్ టక్ మని చప్పుడు, మాటిమాటికీ పట్టు జారడం. వాడు వదిలేసరికి చనుమొన ఒకవైపు ఏటవాలుగా నలిగి, పగిలి ఉండేది. మొదట చూసిన డాక్టరు నోట్లోకి టార్చ్ వేసి, లేజర్ అని, ప్యాకేజీ రేటు చెప్పేశారు. బిడ్డ పాలు ఎలా తాగుతున్నాడో చూడకుండా రేటు చెప్పడమేంటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకోచోట నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, నా ముందే పట్టమ్మా అంది. బాబు పొట్ట నా పొట్టకు ఆనించి, ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొదట గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరికి తీసింది. చాలామందికి ఇంతటితోనే సరిపోతుందట. నాకు నొప్పి కొంచెం తగ్గింది కానీ చప్పుడు పోలేదు. పుట్టాక తగ్గిన బరువు మామూలుగా 10-14 రోజుల్లో తిరిగి రావాలి, మావాడికి రాలేదు. అప్పుడే కోయడానికి ఒప్పుకున్నాం.

రక్తం గడ్డకట్టడానికి పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ పడిందా, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని అడిగారు. గుడ్డలో చుట్టి, నాలుక పైకెత్తి, కత్తెరతో చిన్న గాటు. కాస్త రక్తం, వెంటనే పాలు పట్టించారు. తర్వాత అక్కడ తెల్లటి మచ్చ కనిపిస్తే మా అత్తయ్య చీము అని టెన్షన్ పడ్డారు. అది పుండు మానేటప్పుడు వచ్చే పొర. నా నొప్పి త్వరగానే తగ్గింది, వాడు పట్టు నేర్చుకోవడానికి మాత్రం ఇంకొన్ని రోజులు పట్టింది.

తీగ ఉన్న ప్రతి బిడ్డకీ ఇలా ఉండదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సగం మందికి కూడా పాల ఇబ్బంది ఉండదు.

ఇక మాటలు. తీగ వల్ల మాటలు ఆలస్యం కావు. ఆలస్యమైతే ముందు చెవులు పరీక్ష చేయించాలి. కొందరికి ల, ర లాంటివి పలకడం కష్టం కావచ్చు, కానీ అవి తీగ లేని పిల్లలకూ ఆలస్యంగానే వస్తాయి. మూడు నాలుగేళ్ళు దాటాక స్పీచ్ థెరపిస్టు చూసి చెప్తారు. ఈలోగా ఎవరైనా మాటలొస్తాయని వస, తేనె నాకిస్తానంటే ఒప్పుకోకండి. ఏడాది లోపు తేనె అసలు పెట్టకూడదు.

పాప బరువు పెరుగుతూ, రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, మీకు నొప్పి లేకపోతే తీగను అలాగే వదిలేయండి.