కాల్‌కు ఇరవై రూపాయలు

బిడ్డా శ్రీకాంత్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. క్లాక్ టవర్ దగ్గర పై అంతస్తు అద్దెకు తీసుకున్నావట, పది మందితో కాల్ సెంటర్ పెడుతున్నావట. విత్తనాల కంపెనీకి రైతుల హెల్ప్‌లైన్, కాల్‌కు 20 రూపాయలు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నా. మా ఇంట్లో ఇంకొకడు ఈ పనిలోకి వస్తున్నాడని సంతోషం. తర్వాత ఆ ‘కాల్‌కు 20’ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

కుర్చీలు సెకండ్ హ్యాండ్‌వి కొను. హెడ్‌సెట్లు మాత్రం కొత్తవి కొను. ఇన్వర్టర్ మర్చిపోకు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

నాకు కావాల్సింది ఒకటే. కంపెనీవాళ్లు నీకు చూపించిన కాల్స్ లెక్క ఏ నెలది? జూలైదేనా?

నాకూ జూలైదే చూపించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను సెంటర్ నడిపినప్పుడు వచ్చిన మొదటి పెద్ద పని అది, అచ్చం నీలాగే విత్తనాల హెల్ప్‌లైన్. అప్పటి జీతాలు చెప్తే నవ్వుతావు, అందుకే నా తప్పును నీ అంకెలతోనే చెప్తా.

పది మంది పిల్లలు. పీఎఫ్, ఈఎస్ఐ కలిపి ఒక్కొక్కరికి నెలకు 18 వేలు పడుతుందనుకో, మొత్తం 1,80,000. వాళ్ల మీద ఒక టీమ్ లీడర్, 30 వేలు. ఇక ఫోన్ ఖర్చు. అది టోల్‌ఫ్రీ నంబర్, చేసే రైతుకు పైసా పడదు, నిమిషాల లెక్కన బిల్లు మనకే వస్తుంది. కాల్ సగటున 4 నిమిషాలు, నిమిషానికి 75 పైసలు అయితే కాల్‌కు 3 రూపాయలు. అద్దె, కరెంటు వేరే రాసుకో, ఇక్కడ కలపడం లేదు.

జూలైలో 15 వేల కాల్స్. జీతాలు కాల్‌కు 12, టీమ్ లీడర్ 2, ఫోన్ 3, మొత్తం 17 రూపాయలు. నాకు వచ్చేది 20. నెలకు 45 వేలు మిగులు! ఆ కాగితం చూసుకుని మీ మామయ్యకు జీడిపప్పు పాకం కూడా తినిపించాను.

పత్తి విత్తడం, మొలకలు రాకపోవడం, పురుగు మందు, అన్నీ జూలై చుట్టుపక్కల మూడు నాలుగు నెలల్లోనే. రైతు బిడ్డనై ఉండి ఆ సంగతి నాకు తట్టలేదు చూడు. దీపావళి దాటాక కాల్స్ 9 వేలకు పడిపోయాయి. ఫోన్ ఖర్చు కాల్స్‌తో పాటు తగ్గింది, కాల్‌కు అదే 3. జీతాలు మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. అదే 1,80,000ని 9 వేల కాల్స్‌కు పంచితే కాల్‌కు 20 అయింది. టీమ్ లీడర్ 3 రూపాయల 33 పైసలు. మొత్తం 26 రూపాయల 33 పైసలు. వచ్చేది 20. నెలకు 57 వేలు నా చేతి నుంచి పోయేవి. అలా ఐదు నెలలు, 2,85,000. ఒకటో తారీఖు వస్తోందంటే కడుపులో తిప్పేది. ఇప్పటికీ ఆ తేదీకి నాకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది.

‘కాల్స్ తగ్గితే మనుషుల్ని తగ్గించొచ్చు కదా అత్తా’ అంటావు. నేనూ అదే అనుకున్నా, ఏడుగురికి తెచ్చాను. ఆ ముగ్గురికి విషయం చెప్పిన రోజు గురించి రాయను. అయినా లెక్క తేలిందా? జీతాలు 1,26,000, కాల్‌కు 14. టీమ్ లీడర్ ఒక్కడే, సగం మనిషిని పెట్టలేం కదా, అదే 3.33. ఫోన్ 3. మొత్తం 20 రూపాయల 33 పైసలు. ఇంకా నష్టమే.

కాల్స్ నూటికి 40 తగ్గితే మనుషులు నూటికి 30 మాత్రమే తగ్గారు, గమనించావా? దీనికి కారణం ఉంది. కాల్స్ రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనుక ఒకటి రావు. పది నిమిషాలు ఒక్కటీ ఉండదు, తర్వాత ఒకేసారి ఆరు. ఆ ఆరింటి కోసం మనుషులు ఖాళీగా కూర్చుని ఉండాలి. డెన్మార్క్ ఇంజినీర్ ఎర్లాంగ్ 1917లోనే దీనికి సూత్రం రాశాడు, నెట్‌లో కాలిక్యులేటర్లు ఉన్నాయి. గంటకు 60 కాల్స్, ఒక్కోటి 4 నిమిషాలు అని పెట్టు. నూటికి 80 కాల్స్ 20 సెకన్లలో ఎత్తాలంటే ఏడుగురు కావాలి. కాల్స్ రెట్టింపు చేసి 120 పెట్టు. పద్నాలుగు మంది అనుకుంటావు, పదకొండు మంది చాలు. గుంపు పెద్దదైతే ఒకరి ఖాళీ సమయం ఇంకొకరి కాల్‌కు పనికొస్తుంది. చిన్న సెంటర్ కాల్‌కు ఎక్కువ ఖర్చు పెట్టేది అందుకే, నీ చేతకానితనం వల్ల కాదు. పెద్ద సెంటర్ చెప్పే రేటుతో నువ్వు పోటీ పడకు.

ఇంకో మాట. డబ్బు తగ్గించుకోవాలని టీమ్ లీడర్‌ను కూడా కాల్స్‌కు కూర్చోబెట్టాను. పిల్లలు ఏం చెప్తున్నారో వినేవాడు లేకపోయాడు. మందు ఎంత కలపాలో తప్పు చెప్పారు, అదే రైతు రెండుసార్లు, మూడుసార్లు చేశాడు. తమాషా ఏమిటంటే కాల్స్ పెరిగి కాల్ ఖర్చు తగ్గినట్టు కనిపించింది! నా కాగితం బాగుంది, కంపెనీ బిల్లు పెరిగింది, చివరికి పని తీసేశారు. కాబట్టి కాల్‌కు ఎంత అన్న అంకె పక్కనే, అదే నంబర్ నుంచి వారంలో మళ్లీ వచ్చిన కాల్స్ ఎన్నో రాసుకో. టీమ్ లీడర్ రోజూ కొన్ని రికార్డింగులు వినాలి, వాడి జీతం దానికే.

ఇక నీ ఒప్పందం. నెలనెలా కదలని ఖర్చు 2,10,000. ఒక్కో కాల్‌కు నీకు మిగిలేది 20లోంచి ఫోన్ 3 తీసేస్తే 17. 2,10,000ని 17తో భాగించు, 12,353 వస్తుంది. అన్ని కాల్స్ రాని నెల నీకు నష్టం, అద్దె కలిపితే ఇంకా ఎక్కువ. అందుకే కాగితంలో రాయించు: కాల్స్ ఎన్ని వచ్చినా, రాకపోయినా నెలకు కనీసం 13 వేల కాల్స్ డబ్బు. ఒప్పుకోకపోతే సీటు లెక్కన అడుగు, ఒక్కో మనిషికి నెలకు ఇంత, ఫోన్ బిల్లు వాళ్లది. అదీ ఒప్పుకోకపోతే, నా మీద కోపం వచ్చినా సరే, పని వదిలేయి. నిమిషాలు కూడా రాయించు. కాల్ ఆరు నిమిషాలకు పెరిగితే నీ 3 రూపాయలు నాలుగున్నర అవుతాయి, పది మంది కూడా సరిపోరు.

పోయినేడాది పన్నెండు నెలల కాల్స్ లెక్క అడిగి తీసుకో. జూలై ఒక్కటే ఇస్తే అనుమానించు. ‘మా అత్త అడుగుతోంది’ అని చెప్పినా నాకేం అభ్యంతరం లేదు.

తిట్టినట్టు రాశానేమో. చిన్నప్పుడు నా సెంటర్‌కు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుని ‘హలో, నమస్కారం’ అంటూ కుర్చీలో గిరగిరా తిరిగేవాడివి, ఆ ఫోటో ఇంకా నా దగ్గరుంది. సంతకం పెట్టకముందే ఒప్పందం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను.

మీ మేనత్త