గుత్త పని చేసేవారికి 90 రోజుల లెక్క

ప్రశ్న: నేనూ నా భార్యా ఏటా కోతలు అయ్యాక నాలుగైదు నెలలు టైల్స్ పరిచే పని చేస్తాం. చదరపు అడుగుకు ఇంత అని గుత్త. మార్చిలో చేసిన పనికి మేస్త్రీ పగిలిన టైల్స్ పేరుతో రూ.3,000 కోసుకుని లెక్క ముగించాడు. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదుకు పత్రం అడిగితే, ‘మీరు గుత్తదారులు, కూలీలు కాదు’ అంటున్నాడు. నా భార్య పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నేను రాసుకున్న నోటు పుస్తకం నకలు జతచేశాను. మేము ఏమి చేయాలి?

జవాబు: ముందు నమోదు సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో గడువు ఉంది. మీ పుస్తకం చూసినంతలో ఆ గడువు మే 23.

18 ఏళ్లు నిండి 60 ఏళ్లు నిండనివారు, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే సంక్షేమ మండలిలో లబ్ధిదారులుగా నమోదు కావచ్చు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ఇదే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఇదే చెబుతోంది. ఆ 90 రోజులు వరుసగా ఉండాలని గానీ, ఒకే మేస్త్రీ దగ్గర చేసి ఉండాలని గానీ ఎక్కడా లేదు. మిగతా నెలలు వ్యవసాయం చేసుకున్నంత మాత్రాన హక్కు పోదు. అయితే పొలంలో చేసిన రోజులు ఈ లెక్కలోకి రావు.

మీ పుస్తకం ప్రకారం డిసెంబరులో 18, జనవరిలో 22, ఫిబ్రవరిలో 20, మార్చిలో 24, ఏప్రిల్‌లో 12 రోజులు, మొత్తం 96 రోజుల పని ఉంది. కానీ జనవరిలో 14 రోజులు ఒక కుటుంబం సొంతంగా కట్టుకుంటున్న చిన్న ఇంట్లో చేశారు. సొంత నివాసం కోసం రూ.50 లక్షలకు మించని ఖర్చుతో కట్టే ఇంటి పనిని కోడ్ తన పరిధి నుంచి తప్పించింది. పదిమంది కంటే తక్కువ మందితో సాగే పనికీ ఇదే వర్తిస్తుంది. కార్యాలయంలో ఆ 14 రోజులను కొట్టివేస్తే మీకు మిగిలేవి 82 మాత్రమే. అదృష్టవశాత్తు నిరుడు మే 20 నుంచి 30 వరకు 11 రోజులు అపార్ట్‌మెంటులో చేసినట్టు పాత పుటలో ఉంది. వాటితో కలిపితే 93. పన్నెండు నెలలను దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వెనక్కి లెక్కిస్తారు కాబట్టి, మే 20 దాటాక ఆలస్యమైన ప్రతి రోజుకూ నిరుటి పని దినం ఒకటి జారిపోతుంది. మే 23న పెడితే సరిగ్గా 90 ఉంటాయి, 24న పెడితే 89. ఏటా కొన్ని నెలలే పని చేసేవారు వర్షాలు పడ్డాక తీరిగ్గా వెళ్లి తిరస్కరణ పత్రంతో వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లలో చాలామందికి నిజంగా అర్హత ఉంది, తప్పింది తేదీ మాత్రమే. మీరు ఈ వారంలోనే వెళ్లండి.

మేస్త్రీ పత్రం ఇవ్వకపోతే దారి మూసుకుపోదు. నమోదైన నిర్మాణ కార్మిక సంఘం ఇచ్చే ధ్రువీకరణనో, కార్మిక శాఖ అధికారి విచారించి ఇచ్చేదాన్నో చాలా రాష్ట్రాల నియమాలు అంగీకరిస్తాయి. మీ ఊరి కార్మిక శాఖ కార్యాలయంలో ఏది చెల్లుతుందో ముందే అడిగి, దరఖాస్తు ఇచ్చాక తేదీ వేసిన రసీదు తప్పక తీసుకోండి. ఇ-శ్రమ్ కార్డు ఉంటే చాలని కొందరు అనుకుంటారు. అది వేరే నమోదు. ప్రమాద సహాయం, ప్రసూతి సాయం, పిల్లల చదువుకు తోడ్పాటు, 60 తర్వాత పింఛను వంటివి సంక్షేమ మండలి నుంచి రావాలంటే మండలిలోనే పేరుండాలి. నమోదు అయ్యాక కూడా ఏడాదిలో 90 రోజుల పని లేకపోతే సభ్యత్వం పోతుంది. పనిలో గాయపడి ఇంట్లో ఉండిపోయిన కాలాన్ని మాత్రం ఈ లెక్కలో మినహాయిస్తారు. కనుక ఆసుపత్రి చీటీలు పారేయకండి.

మీ భార్య దరఖాస్తు విడిగా పెట్టాలి. సిమెంటు కలిపి, టైల్స్ మోసి, సందులు నింపిన మనిషి ‘మేస్త్రీకి సాయంగా వచ్చిన ఇంటావిడ’ కాదు, నిర్మాణ కార్మికురాలు. మీ పుస్తకంలో ప్రతి రోజూ ‘ఇద్దరం’ అని రాసి ఉండటం మంచిదే. ఇకమీదట ఇద్దరి పేర్లూ రాయండి. తేదీ, స్థలం, ఫ్లాటు నంబరు, పరిచిన చదరపు అడుగులు, మొదలుపెట్టిన, ముగించిన వేళలు ఒక వరుసలో ఉండాలి. కొలత చీటీని అదే రోజు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. గేటు దగ్గర సంతకం చేయించే పుస్తకం ఉంటే ఆమె కూడా తన సంతకం తానే చేయాలి.

ఇక కూలీ సంగతి. చదరపు అడుగు లెక్కన చెల్లించినంత మాత్రాన మీరు గుత్తదారు కారు. టైల్స్, సిమెంటు ఎవరివి, ఏ ఫ్లాటులో ఎప్పుడు చేయాలో ఎవరు చెబుతున్నారు, మీ కింద జీతానికి మనుషులున్నారా అన్నవి చూస్తారు. మీ విషయంలో సరుకు బిల్డరుది, ఆదేశం మేస్త్రీది, చేతులు మీ ఇద్దరివి. రేపు మీరే నలుగురిని పెట్టుకుని పని చేయిస్తే వాదన మారిపోతుంది, అది గుర్తుంచుకోండి.

గుత్త రేటుకు విడిగా కనీస వేతనం నిర్ణయించని చోట, రోజు కూలీకి ఉన్న కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదన్నది వేతన కోడ్ నియమం. మార్చిలో 24 రోజుల్లో 1,200 చదరపు అడుగులు, అడుగుకు రూ.22 చొప్పున గుత్త మొత్తం రూ.26,400 అయింది. ఉదాహరణకు మీ రాష్ట్రంలో నైపుణ్యం గల పనికి రోజుకు రూ.650, సాధారణ పనికి రూ.500 కనీసమని అనుకుందాం. ఇద్దరికీ రోజుకు రూ.1,150, 24 రోజులకు రూ.27,600. అంటే గుత్త డబ్బు మొత్తం చేతికి వచ్చినా రూ.1,200 తక్కువ పడింది. కార్మిక శాఖ ప్రకటించిన అసలు రేట్లు తీసుకుని ఇదే లెక్క వేయండి. గుత్త మొత్తం పెద్దగా కనిపించడంతో, దాన్ని ఇద్దరితో, రోజులతో భాగించి చూడాలన్న సంగతే చాలామందికి తట్టదు.

కోసుకున్న రూ.3,000కు రుజువు కావాలి. మీకు అప్పగించిన సరుకు మీ నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలాలి, మీ సంజాయిషీ అడగాలి, నష్టం కంటే ఎక్కువ కోయకూడదు, కోత రిజిస్టరులో కనిపించాలి. మేస్త్రీ మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా కోస్తే అది నిలబడదు. అప్పుడు మీకు రావలసింది రూ.1,200, రూ.3,000 కలిపి రూ.4,200.

ముందుగా మేస్త్రీకి, బిల్డరుకు ఇద్దరికీ ఈ లెక్కతో లేఖ రాసి, స్పీడ్ పోస్టులో పంపండి. మేస్త్రీ ఎగవేసినప్పుడు అసలు యజమానిని కూడా బాధ్యుడిని చేయవచ్చు కాబట్టి, ఫిర్యాదులోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి. జవాబు రాకపోతే వేతన కోడ్ కింద నియమించిన అధికారి ముందు మూడేళ్లలోపు క్లెయిము వేయవచ్చు. సంఘం ద్వారా కూడా వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. అక్కడ మీరు పని చేశారని చూపడానికి నోటు పుస్తకం, ఫొటోలు, ఫోనులో వచ్చిన చెల్లింపుల వివరాలు ఉపయోగపడతాయి. డబ్బు పూర్తిగా ఇచ్చామని రుజువు చేసే భారం మాత్రం యజమానిదే. వేతన రిజిస్టరు, వేతన చీటీ ఉంచవలసింది ఆయనే. చీటీ ఇవ్వలేదన్న మాటను మీ ఫిర్యాదులో విడిగా, మొదటి పేరాలోనే రాయండి.