నీళ్ల నోటీసుకి స్లాంగ్ ఎందుకు అతకదంటే

తమ్ముడూ,

మీ కొత్తపేట అపార్ట్‌మెంట్ కోసం నువ్వు తిరగరాసిన నోటీసు చదివాను. కమిటీవాళ్లు రాసింది ఇది: "సంపు శుభ్రపరచుచున్నందున ఆదివారం ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం 1 గంట వరకు నీటి సరఫరాకు అంతరాయం కలుగును. కావున నివాసితులు సహకరించగలరు." నువ్వు మార్చింది ఇది: "సండే వాటర్ సీన్ లేదు మామా! లైట్ తీస్కోకుండా బకెట్లు నింపి చిల్ అవ్వండి."

నవ్వొచ్చింది, కాదనను. కానీ అదే కాగితాన్ని డెబ్బై ఏళ్ల పెద్దావిడ లిఫ్ట్ దగ్గర చదువుతోందనుకో. "నీకంత సీన్ లేదు" అని ఎవరినో తీసిపారేస్తుంటే ఆవిడ విని ఉంటుంది. ఇక్కడ ఎవరిని అంటున్నారో అర్థం కాదు. "లైట్ తీస్కోకుండా" దగ్గర మెట్ల మీది బల్బు సంగతేమో అనుకుంటుంది. ఇవన్నీ దాటి వచ్చినా నీళ్లు ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడొస్తాయో ఆవిడకి తెలియదు. తొమ్మిదీ ఒంటిగంటా రెండూ ఎగిరిపోయాయి మరి. జోకు పేలాలని వాక్యాన్ని కత్తిరిస్తే ముందు తెగేవి అంకెలే. ఇలాంటివి ఇంకేం రాసినా మొదట అక్కడే చూసుకో.

ఇక పాతబడటం. కుర్రాళ్లు ఒక మాటని వాడేది తమ గుంపు వేరని చూపించుకోడానికి. అది నోటీసు బోర్డు ఎక్కి, సెక్రటరీ అంకుల్ కూడా అనడం మొదలుపెట్టాడంటే వాళ్లు వదిలేస్తారు. 2012 ప్రాంతంలో ఊ అంటే "కెవ్వు కేక" అనేవాళ్లు. ఇప్పుడు ఏ షాపు బోర్డు మీదైనా అది కనిపిస్తే ఆ బోర్డు వయసు చెప్పేయొచ్చు.

అయితే కమిటీ భాషని వెనకేసుకు రావడం లేదు. "అంతరాయం కలుగును" అని ఇంట్లో ఎవరంటారు? దానికి మందు ఇంటి తెలుగు. నేనైతే ఇలా రాస్తాను: "ఆదివారం సంపు కడుగుతాం. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా నల్లాల్లో నీళ్లు రావు. శనివారం రాత్రే పట్టి పెట్టుకోండి." నల్లా స్లాంగ్ కాదు, ఈ ఊరి మాట. నానమ్మా అంటుంది, మనవడూ అంటాడు, అందుకే అది నిలబడింది. కోస్తా నుంచి వచ్చి కుళాయి అనేవాళ్లకి కూడా ఇక్కడ నాలుగు రోజులుంటే అర్థమైపోతుంది.

నీ "మామా" పోతుందని బాధగా ఉంటే కింద విడిగా ఒక లైను పెట్టుకో. దాని మీద చెయ్యి అడ్డం పెట్టి చదివినా కబురు పూర్తిగా అందాలి, అంతే షరతు. ఆదివారం చింపేసే కాగితం మీద ఆ సరదా ఫరవాలేదు. సంపు పక్కన రేకు మీద పెయింట్‌తో రాయించే "మూత తెరవకండి" బోర్డు ఏళ్ల తరబడి ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లకు.

ఉంటాను,
మీ అన్న