రక్తం చిక్కబడితే కారడం ఎందుకు?

"నాన్నగారికి రెండు నెలలుగా తలనొప్పి, మసక చూపు, ముక్కు నుంచి రక్తం. ప్రోటీన్ పెరిగి రక్తం చిక్కబడిందని చెప్పారు. చిక్కటి రక్తం గడ్డకట్టాలి కదా, కారడం ఏమిటి? హిమోగ్లోబిన్ 7 ఉంది. రక్తం ఎక్కించమని అడగాలా?"

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, అది అత్యవసరం కాబట్టి. రక్తం ఎక్కించే ముందు రక్తవ్యాధుల నిపుణుడైన హెమటాలజిస్టుతో తప్పకుండా మాట్లాడండి. మా నాన్నగారికి హిమోగ్లోబిన్ 7.2 ఉందని మొదట చేర్చిన ఆసుపత్రిలో ఒక సీసా ఎక్కించారు. ఆ సాయంత్రానికే తలనొప్పి పెరిగి, మగతలోకి వెళ్లారు. అప్పటికే చిక్కగా ఉన్న ద్రవంలోకి మరిన్ని ఎర్రకణాలు చేరితే అది ఇంకా చిక్కబడుతుంది. పైగా ఇలాంటివారిలో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం పెరిగి ఉంటుంది కాబట్టి, హిమోగ్లోబిన్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. గుండె తట్టుకోలేని స్థితి లేకపోతే, ప్రోటీన్‌ను తగ్గించాకే రక్తం ఎక్కిస్తారు.

మా నాన్నగారిది వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబులినీమియా అనే రక్త క్యాన్సర్. 1944లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ దీన్ని మొదట వర్ణించినప్పుడు ఆ రోగులకూ ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం కారేది. ఇందులో ఐజీఎం అనే ప్రోటీన్ అదుపు లేకుండా తయారవుతుంది. అయిదు ముక్కలు కలిసిన పెద్ద అణువు కావడంతో రక్తనాళాల గోడలు దాటి బయటికి పోలేక, ఎక్కువ భాగం లోపలే ఉండిపోతుంది.

పాకం పట్టడం చూసే ఉంటారు. చాలాసేపు నీళ్లలాగే ఉంటుంది, తీగపాకం దగ్గరికి రాగానే ఉన్నట్టుండి చిక్కబడుతుంది. ఐజీఎం కూడా అంతే. ఒక స్థాయి దాటాక కొద్దిగా పెరిగినా స్నిగ్ధత, అంటే చిక్కదనం, ఎగబాకుతుంది. నీటిని 1గా తీసుకుంటే, రక్తం గడ్డకట్టాక మిగిలే సీరం ద్రవం స్నిగ్ధత మామూలుగా సుమారు 1.4 నుంచి 1.8 ఉంటుంది. సాధారణంగా 4 దాటాక లక్షణాలు మొదలవుతాయి. నాన్నగారికి 6 వచ్చింది.

ఇక కారడం సంగతి. ఆయన ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, అంటే సరిపడా ఉన్నాయి. అయినా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు రెండుసార్లు ముక్కులో దూది పెట్టినా రక్తం ఆగలేదు. ఐజీఎం ప్లేట్‌లెట్లకు పూతలా అంటుకుని, అవి ఒకదానితో ఒకటి అతుక్కోకుండా చేస్తుంది. గడ్డను బిగించే ఫైబ్రిన్ పోగులు అల్లుకోవడానికీ అడ్డుపడుతుంది. దీనికి తోడు, రక్తం ముందుకు కదలక సన్నని నాళాలు ఉబ్బి చిట్లుతాయి. అందువల్ల చిక్కదనమూ కారడమూ ఒకే ప్రోటీన్ వల్ల వస్తాయి. "రక్తం పలచబడటానికి" అంటూ ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేయకండి. అది ఈ ప్రోటీన్‌ను తగ్గించదు, కారడాన్ని మాత్రం పెంచుతుంది.

అసలు జబ్బును మొదట అనుమానించింది కంటి వైద్యురాలు. అప్పటికి రెండుసార్లు కళ్లద్దాలు మార్చాం. ఆమె చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాను చూసి, తెర మీద మాకూ చూపించారు. సిరలు సమంగా లేవు. వేరుశనగకాయలను దండగా గుచ్చినట్టు, ఒకచోట ఉబ్బి, ఇంకోచోట నొక్కుకుపోయి ఉన్నాయి. పక్కన చిన్నచిన్న ఎర్రని మరకలు, అంటే కారిన రక్తం. "ఇది కంటి జబ్బు కాదు, ఈరోజే రక్తపరీక్షలు చేయించండి" అన్నారామె. మీ నాన్నగారికి ఈ పరీక్ష జరగకపోతే వెంటనే అడగండి.

పాత రిపోర్టులు తీసి చూస్తే జవాబు అందులోనే ఉంది. మొత్తం ప్రోటీన్ డెసిలీటరుకు 11.2 గ్రాములు, అందులో ఆల్బుమిన్ 2.8. తేడా, అంటే ఐజీఎం లాంటి మిగతా ప్రోటీన్లు, 8.4. మామూలుగా ఇది 2 నుంచి 3.5 మధ్య ఉంటుంది. లివర్ పరీక్షల కాగితంలోనే ఈ అంకెలు ఉన్నా, ఎవరూ ఆ తీసివేత చేయలేదు. తర్వాత ఐజీఎం కొలిస్తే 6.8 గ్రాములు వచ్చింది. స్నిగ్ధత పరీక్ష చాలా ల్యాబుల్లో ఉండదు. లక్షణాలూ, రెటీనాలో మార్పులూ స్పష్టంగా ఉంటే ఆ రిపోర్టు కోసం చికిత్స ఆపరు.

చికిత్స ప్లాస్మా మార్పిడి. యంత్రం రక్తాన్ని బయటికి తీసి, ప్లాస్మాను వేరుచేసి, కణాలకు ఆల్బుమిన్ ద్రవం కలిపి తిరిగి ఎక్కిస్తుంది. నాన్నగారికి మొదటి రోజు సుమారు 3 లీటర్లు తీశారు. సంచీలో పడిన ప్లాస్మా చిక్కటి గంజిలా నెమ్మదిగా జారడం నేను చూశాను. ఐజీఎం 4.1కి దిగింది. సగం కూడా తగ్గలేదు, కానీ పాకం లెక్కన స్నిగ్ధత సగానికి పడిపోయింది. ఆ రాత్రే తలనొప్పి తగ్గింది. మర్నాడు రెండోసారి చేశాక ముక్కులోని దూది తీస్తే రక్తం రాలేదు. మసక మాత్రం కొన్ని వారాలు పట్టింది.

అయితే ప్లాస్మా మార్పిడి ఆ ప్రోటీన్‌ను తయారుచేసే కణాలను ఏమీ చేయదు. కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది, కాబట్టి కీమో మొదలుపెట్టాలి. ఆ చికిత్సలో వాడే రిటుక్సిమాబ్ అనే మందు మొదట్లో ఐజీఎంను ఒక్కసారిగా పెంచే అవకాశం ఉందని, మా వైద్యులు దాన్ని స్థాయి తగ్గేదాకా వాయిదా వేశారు. మీ వైద్యుల్ని ఇదీ అడగండి.

ఎర్రకణాలు పెరిగి చిక్కబడే పాలీసిథీమియాలో దారి వేరు, అక్కడ కొంత రక్తం తీసేస్తారు. మీరు ప్రోటీన్ అన్నారు కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు.

ఎంత స్థాయిలో లక్షణాలు వస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో మాత్రం దాదాపు అక్కడే తిరిగి వస్తాయి. నాన్నగారికి మరుసటి ఏడాది ఐజీఎం 4.5 దగ్గర తలనొప్పి మళ్లీ మొదలైంది. ఇప్పుడు రిపోర్టు రాగానే ముందు ఆ అంకెతో పోల్చి చూస్తాం.