వేలాడే స్ప్రింగ్ ఎంత సాగుతుంది: mg/k ఆ, 2mg/k ఆ?

ప్రశ్న: "నిలువుగా వేలాడే స్ప్రింగ్‌కు m ద్రవ్యరాశి తగిలిస్తే, బలాలతో చేస్తే సాగుదల mg/k వస్తోంది. శక్తితో చేస్తే 2mg/k వస్తోంది. ఏది రాయాలి? శక్తి లెక్కలో mgh కలపాలా వద్దా? టైమ్ పీరియడ్ మీద g ప్రభావం ఉంటుందా?"

రెండూ రైటే. బరువు కదలకుండా నిలబడితే సాగుదల mg/k. స్ప్రింగ్ సాగని చోట బరువు తగిలించి చేయి ఒక్కసారిగా వదిలేస్తే, అది దిగే అట్టడుగు దగ్గర సాగుదల 2mg/k. పరీక్షలో ఏది రాయాలో ప్రశ్నలోని ఒక్క మాట చెబుతుంది. "నెమ్మదిగా దించారు", "సమతాస్థితిలో ఉంది" అంటే మొదటిది. "హఠాత్తుగా వదిలారు", "గరిష్ఠ సాగుదల" అంటే రెండోది. ఆ మాట చదవకుండా అంకెల మీద పడేవాళ్లకే ఈ తిప్పలన్నీ.

మొన్న సెలవులకు మా అక్క కొడుకు హాస్టల్ నుంచి హన్మకొండలో మా ఇంటికి వచ్చాడు. ఎప్‌సెట్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. సరిగ్గా ఇదే లెక్క పట్టుకుని వచ్చి, "మామా, గురుత్వ శక్తి mgx పోయింది, స్ప్రింగ్‌ల ½kx² చేరింది. రెండు సమానం పెడితే 2mg/k అయితది గదా. మరి సార్ mg/k అని ఎట్ల చెప్పిండు? ఇంకో సగం శక్తి ఏడికి వోయింది?" అని అడిగాడు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. సగం శక్తి ఎటు పోయిందని అడిగినవాడికి ఈ చాప్టర్ సగం వచ్చేసినట్టే. వాళ్ల కాలేజీలో మాత్రం "అది అడగొద్దు, ఫార్ములా గుర్తుపెట్టుకో" అన్నారట. నాకు నిజంగా కోపం వచ్చింది.

మా అమ్మ చింతపండు తూచడానికి వాడే పాత కొక్కెం కాంటా ఒకటి ఇంట్లో ఉంది. పది కిలోల దాకా గీతలుంటాయి. దాన్ని కిటికీ చువ్వకు కట్టి, రెండు కిలోల బియ్యం సంచి కొక్కేనికి తగిలించమన్నాను. ముందు సంచి కింద అరచేయి పెట్టి మెల్లగా దించమన్నాను. ముల్లు మెల్లగా జరిగి రెండు దగ్గర ఆగింది. "చేతి మీద బరువు తెలిసిందా?" అంటే, "మొదట్లో మస్తు తెలిసింది, పోంగపోంగ తగ్గింది" అన్నాడు. తర్వాత సంచిని ముల్లు సున్నా చూపేదాకా పైకి ఎత్తి పట్టుకుని, చేయి టక్కున తీసేయమన్నాను. ముల్లు జారి నాలుగు గీతకు కొంచెం ఇవతలి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, ఊగింది, చివరికి రెండు దగ్గర నిలిచింది. కంటికి అందనంత వేగంగా జరుగుతుంది కాబట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి మళ్లీ చూశాం. నాలుగు దాకా పూర్తిగా పోకపోవడానికి కాంటా లోపలి రాపిడి కారణం. ముల్లు ఒరుసుకునే చోటే కొంత శక్తి వేడిగా పోతుంది.

వాడు అడిగిన సగానికి జవాబు అక్కడే ఉంది. మెల్లగా దించినప్పుడు ఆ సగం వాడి అరచేయి తీసుకుంది. సంచి కిందికి దిగుతుంటే చేయి పైకి నెడుతూనే ఉంది, అంటే చేయి సంచి మీద రుణ పని చేసింది. చేయి తీసేసినప్పుడు ఆ సగాన్ని తీసుకునేవాళ్లు లేరు, కాబట్టి అది గతిజ శక్తిగా సంచిలోనే ఉండిపోయి దాన్ని నిలవాల్సిన చోటు దాటించి కిందికి తీసుకెళ్లింది. ఊగి ఊగి ఆగిపోయేసరికి అదే సగం వేడిగా మారింది.

దీన్ని అంకెల్లో పెట్టి చూడండి. 200 గ్రాముల బరువు తగిలిస్తే 10 సెం.మీ. సాగే స్ప్రింగ్ తీసుకుందాం. స్ప్రింగ్ సొంత బరువును ప్రస్తుతానికి వదిలేద్దాం. బరువు నిలబడినప్పటి ఆ 10 సెం.మీ. సాగుదలను e అందాం. అప్పుడు k = mg/e = 0.2 × 9.8 / 0.1 = 19.6 N/m. స్ప్రింగ్ సాగని చోట బరువు పట్టుకుని వదిలేస్తే అది 20 సెం.మీ. దిగుతుంది, మధ్యలో 10 సెం.మీ. దగ్గర మాధ్య స్థానం, కాబట్టి కంపన పరిమితి A కూడా 10 సెం.మీ. గురుత్వ శక్తిని అట్టడుగున సున్నా అనుకుందాం. పై చివర గురుత్వ శక్తి 0.2 × 9.8 × 0.2 = 0.392 J, మిగతావి సున్నా. అట్టడుగున స్ప్రింగ్ శక్తి ½ × 19.6 × 0.04 = 0.392 J, మిగతావి సున్నా. మాధ్య స్థానంలో గురుత్వం 0.196, స్ప్రింగ్ ½ × 19.6 × 0.01 = 0.098, రెండూ కలిపితే 0.294. మొత్తం 0.392 కావాలి కాబట్టి మిగిలిన 0.098 J గతిజ శక్తి. మెల్లగా దించినప్పుడు చేయి తీసుకున్నది కూడా ఈ 0.098 జౌళ్లే. ½kA² వేసి చూడండి, అదీ 0.098 వస్తుంది.

పుస్తకంలో "మొత్తం శక్తి ½kA²" అని రాసి ఉంటే అందులో గురుత్వం ఎక్కడ ఉందని పిల్లలు తికమకపడతారు. మాధ్య స్థానం నుంచి కిందికి y దూరంలో స్ప్రింగ్ సాగుదల e + y. గురుత్వ శక్తిని ఈసారి మాధ్య స్థానంలో సున్నా అనుకుని, స్ప్రింగ్ శక్తి, గురుత్వ శక్తి కలిపి రాస్తే ½k(e + y)² − mgy. దీన్ని విప్పితే k × e × y అనే పదం ఒకటి వస్తుంది. ke = mg కాబట్టి అది mgy తో కొట్టుకుపోతుంది. మిగిలేది ½ke² + ½ky². మొదటిది మారదు, కాబట్టి ఊగడంలో దానికి పాత్ర లేదు. రెండోదాంట్లో గురుత్వం అప్పటికే లెక్కలోకి వచ్చేసింది. అందుకే దూరాన్ని మాధ్య స్థానం నుంచి కొలిస్తే mgh కలపకూడదు. స్ప్రింగ్ సాగని చోటు నుంచి కొలిస్తే తప్పకుండా కలపాలి. దూరం ఒక చోటు నుంచి, ఫార్ములా ఇంకో చోటుకు సంబంధించింది వాడితే లెక్క గ్యారంటీగా తప్పుతుంది.

ఎప్‌సెట్ మోడల్ బిట్లలో పిల్లలు ఎక్కువగా పడేది ఇక్కడే. అదే స్ప్రింగ్, అదే 200 గ్రాములు. మాధ్య స్థానం నుంచి ఇంకో 5 సెం.మీ. కిందికి లాగి వదిలారు, మాధ్య స్థానం దాటేటప్పుడు గతిజ శక్తి ఎంత? చాలామంది మొత్తం సాగుదల 15 సెం.మీ. కదా అని ½ × 19.6 × 0.15² వేసి 0.2205 J టిక్ పెడతారు. ఆప్షన్లలో అది ఉండనే ఉంటుంది. అది అట్టడుగున స్ప్రింగ్‌లో ఉన్న శక్తి, నిజమే. పైకి వచ్చేసరికి అందులో 0.098 స్ప్రింగ్‌లోనే మిగిలిపోతుంది, ఇంకో 0.2 × 9.8 × 0.05 = 0.098 బరువును పైకి ఎత్తడానికి ఖర్చవుతుంది. రెండూ తీసేస్తే 0.0245 J. నేరుగా ½ × 19.6 × 0.05² వేసినా 0.0245 వస్తుంది. మా వాడితో రెండు దారుల్లోనూ చేయించాను. రెండూ ఒకటే వచ్చాక ఈ టాపిక్‌లో మళ్లీ డౌట్ అడగలేదు. షార్ట్‌కట్ షీట్లు పంచే కాలేజీలు ఈ రెండో దారి ఒక్కటే చెప్పి వదిలేస్తాయి, A ను ఎక్కడి నుంచి కొలవాలో మాత్రం చెప్పవు. ఆ ఒక్కటి తెలియకుండా ఆ షీటు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మేలు.

ఇక టైమ్ పీరియడ్. T = 2π√(m/k) లో g లేదు. కానీ mg = ke కాబట్టి దాన్నే T = 2π√(e/g) అని కూడా రాస్తారు, అందులో g కనిపించగానే పిల్లలు గాభరా పడతారు. g తగ్గితే e కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. చంద్రుడి మీద ఇదే స్ప్రింగ్ దాదాపు ఆరో వంతే సాగుతుంది, కానీ ఊగే కాలం అంతే. లఘులోలకంలో పొడవు g తో మారదు, కాబట్టి అక్కడ కాలం పెరుగుతుంది. మన స్ప్రింగ్‌కు T = 2π√(0.1/9.8), అంటే 0.63 సెకన్లు. 10 సెం.మీ. కంపన పరిమితితో వదిలినా, 5 సెం.మీ. తో వదిలినా అదే.

ఇది మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. అసలు స్ప్రింగ్‌ను చేత్తో పట్టుకోకుండానే ఇంటర్ దాటేస్తున్న పిల్లలు వరంగల్‌లో ఎంతోమంది ఉన్నారు. ల్యాబ్‌లో బీరువాకు తాళం, రికార్డులో అంకెలు మాత్రం సీనియర్ల పుస్తకంలోంచి. అలా ఎక్కించిన అంకెలు నేను చూడగానే పట్టేస్తాను. ఎలా అంటే, అవి ఫార్ములాకు మరీ అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. నిజంగా కొలిస్తే అలా రాదు. పై స్ప్రింగ్ సొంత బరువు 60 గ్రాములు అనుకోండి. స్ప్రింగ్ కూడా బరువుతో పాటు కదులుతుంది. పై కొస కదలదు, కింది కొస పూర్తిగా కదులుతుంది, మధ్యలోవి ఆ మధ్యలో. ఆ శక్తినంతా కూడితే స్ప్రింగ్ ద్రవ్యరాశిలో మూడో వంతు m కు కలపాలని తేలుతుంది. స్ప్రింగ్ మరీ బరువైనది కాకపోతే ఈ లెక్క బాగా సరిపోతుంది. అంటే 200 కు బదులు 220 గ్రాములు, T 0.63 నుంచి 0.67 సెకన్లకు పెరుగుతుంది. ఒక్క ఊపులో ఈ తేడా స్టాప్‌వాచ్‌కు దొరకదు. 20 ఊపులు కొలిస్తే 12.7 సెకన్లు రావాల్సింది 13.3 దగ్గర వస్తుంది, అది కచ్చితంగా దొరుకుతుంది.

కొలిచేటప్పుడు లెక్కను చివరి స్థానం దగ్గర మొదలుపెట్టకండి. అక్కడ బరువు ఆగినట్టే ఉంటుంది, ఏ క్షణంలో వెనక్కి తిరిగిందో తెలియదు. మాధ్య స్థానం దగ్గర ఒక గీత పెట్టుకుని, బరువు దాన్ని కిందికి దాటిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టండి. మొదటిసారి దాటినప్పుడు "సున్నా" అనాలి. "ఒకటి" అని మొదలుపెట్టినవాళ్లకు 19 ఊపులే కొలిచి 20 తో భాగించినట్టవుతుంది, కాలం తక్కువ వస్తుంది, స్ప్రింగ్ బరువు వల్ల రావాల్సిన తేడా కూడా అందులోనే కలిసిపోతుంది. ఆ తర్వాత వేర్వేరు బరువులతో చేసి T² కు, m కు గ్రాఫ్ గీయండి. గీత మూలబిందువు గుండా పోకుండా T² అక్షాన్ని కొంచెం పైన తాకితే కంగారుపడి దాన్ని సున్నాకు లాగకండి. ఆ గీతను ఎడమ వైపుకు పొడిగిస్తే m అక్షాన్ని తాకే చోటు మీ స్ప్రింగ్ బరువులో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది. స్ప్రింగ్‌ను కాంటా మీద పెట్టి సరిచూసుకోండి.