ఫారం 6 నింపేముందు చివరి పేజీ చదువు

బిడ్డా శ్రావణీ,

ఓటరు ఫారం చూస్తే టెన్షన్ వస్తోందని ఫోన్‌లో అన్నావు. నేను టీచరుగా ఉన్నప్పుడు హన్మకొండలో బీఎల్‌ఓ డ్యూటీ చేశాను. ఇట్లాంటి ఫారాలు ఇంటింటికీ తిరిగి తీసుకున్నదాన్ని, అందుకే రాస్తున్నా.

పెన్ను తీయకముందే చివర్లో ఉన్న డిక్లరేషన్ చదువు. నువ్వు సంతకం పెట్టేది దానికే. నేను భారత పౌరురాలిని, ఈ చిరునామాలో ఫలానా నెల నుంచి ఉంటున్నాను, మొదటిసారి దరఖాస్తు చేస్తున్నాను, నా పేరు వేరే ఏ నియోజకవర్గం జాబితాలోనూ లేదు అని అందులో ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

పరకాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకబ్బాయి నాకీ ఫారమే నింపి ఇచ్చాడు. ఊళ్లో ఓటుందా అని అడిగితే ఉందన్నాడు. అంటే సంతకం పెట్టిన మాట తప్పు. ఇల్లు మారినవాళ్లకు ఫారం 8 ఉంటుందని చెప్పి అది నింపించాను. నీకు ఇంకా ఎక్కడా ఓటు లేదు కాబట్టి ఫారం 6 సరైనదే. హాస్టల్ చిరునామా ఇస్తావా, మన ఊరిదా అన్నది నీ ఇష్టం. ఒక్కటే ఇవ్వు.

పేరు రెండుసార్లు రాయాలి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషు క్యాపిటల్ లెటర్స్‌లో. కలిపిరాత వద్దు. ఇంగ్లీషు చిన్న ‘యు’, ‘వి’ చేతిరాతలో ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లు పొరబడతారు. మన టెన్త్ మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది. ఈ ఫారంలో దానికి వేరే గడి ఉంది, అందుకని పేరు గడిలో ఇంటిపేరు పెట్టకు. స్పెల్లింగ్ మాత్రం మెమో చూసుకుంటూ ఒక్కో అక్షరం దించు.

‘ఉంటే’ అని రాసిన గడులు నీకు వర్తించకపోతే వదిలేయొచ్చు. మిగతావి ఖాళీగా ఉంచకు. ఆధార్ దగ్గర నంబరు రాయాలి, లేదా నాకు ఆధార్ లేదన్న చోట టిక్ పెట్టాలి. తండ్రి, తల్లి వంటి బంధువుల్లో ఒక్కరి పేరు చాలు. డిక్లరేషన్‌లో, వయసుకు చెప్పిన పత్రాలేవీ లేనివాళ్ల కోసం ఒక వాక్యం ఉంది. నీ దగ్గర టెన్త్ మెమో ఉంది కదా, ఆ ఖాళీని అట్లాగే వదిలెయ్యి.

అన్నీ నింపాక, తేదీ, ఊరు రాసి డిక్లరేషన్ కింద సంతకం చెయ్యి. మెమో జిరాక్స్ మీద కూడా చెయ్యాలి. ఫోటో మీద మాత్రం వద్దు. అడుగున ఉన్న రశీదు ముక్కలో సంతకం ఫారం తీసుకునేవాళ్లది, నీది కాదు. ఆ ముక్క తీసుకోకుండా రాకు. దాని ఫోటో నాకు పంపు.

నీ పెద్దమ్మ