థాంక్యూ మెయిల్‌లో వేరే కంపెనీ పేరు రాశాను, ఇప్పుడేం చేయాలి?

మేడమ్, నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఈ వారం వరుసగా రెండు రోజులు రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూలు అయ్యాయి. మొదటి కంపెనీకి రాసిన థాంక్యూ మెయిల్‌నే కాపీ చేసి, పైన పేరు మార్చి నిన్న రాత్రి రెండో కంపెనీ మేనేజర్ గారికి పంపాను. ఆ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాలని నాకు చాలా ఇష్టం. మెయిల్ చివర మాత్రం ‘మీ సంస్థలో పనిచేయాలని ఉంది’ అనే చోట మొదటి కంపెనీ పేరే ఉండిపోయింది. ఈ మధ్యాహ్నం చూసుకున్నాను. నాన్న ‘వాళ్లు చూసి ఉండరు, కదపకు’ అంటున్నారు. అన్నయ్య ‘హెచ్ఆర్‌కి ఫోన్ చేసి సారీ చెప్పు’ అంటున్నాడు. టెన్షన్‌తో అన్నం సయించడం లేదు.

ఈ రోజే, సాయంత్రంలోపు, ఒక చిన్న మెయిల్ పంపండి. నాన్నగారి మాట ఈసారి పక్కన పెట్టక తప్పదు. చివరి వాక్యంలో ఉన్న కంపెనీ పేరు కంటపడకుండా ఉండదు. అన్నయ్య చెప్పినట్టు ఫోన్ కూడా వద్దు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు పని ఆపుకుని ‘పర్లేదమ్మా’ అని మిమ్మల్ని ఓదార్చాలి. పైగా మెయిల్ అందుకున్నది మేనేజర్ గారు. ఆమె గమనించారో లేదో తెలియని పొరపాటును మీరే వెళ్లి హెచ్ఆర్ దాకా తీసుకెళ్లినట్టవుతుంది.

పంపిన మెయిల్‌ను వెనక్కి లాగే ప్రయత్నం కూడా చేయకండి. జీమెయిల్‌లో Undo Send గడువు ఎంత పెంచుకున్నా ముప్పై సెకన్లే. అవుట్‌లుక్‌లో ఉండే రీకాల్ ఒకే సంస్థ లోపలి మెయిల్స్‌కి పనిచేస్తుంది కానీ, బయటి కంపెనీ ఇన్‌బాక్స్‌లోకి చేరినదాన్ని తీసేయలేదు.

మీ విషయంలో ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెబుతాను. మేనేజర్ పేరే తప్పు పడి ఉంటే ‘నా పేరు సరిగా చూసుకోలేదు’ అనుకుని ఊరుకుంటారు. సరైన పేరుతో రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. కంపెనీ పేరు తప్పు పడితే ‘ఈ అమ్మాయికి మా దగ్గర చేరాలని ఉందా, లేక అందరికీ ఇదే పంపుతోందా?’ అనే అనుమానం వస్తుంది. ఒక్క సారీ ఆ అనుమానాన్ని తీర్చదు. ఆ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పంపడానికి వీల్లేని ఒక వాక్యం మీ మెయిల్‌లో ఉండాలి. ఇంటర్వ్యూలో ఆమె ఏం చెప్పారో, ఏ మాట దగ్గర మీకు ఆసక్తి కలిగిందో గుర్తు చేసుకోండి.

మాటలు మీవే వాడండి, విషయం మాత్రం ఇలా ఉంటే చాలు:

‘నమస్తే మేడమ్. నిన్న నేను పంపిన మెయిల్ చివరి వాక్యంలో మీ సంస్థ పేరు బదులు వేరే పేరు రాశాను. అది నా పొరపాటు, క్షమించండి. ఓపీ రిజిస్ట్రేషన్ దగ్గర పేషెంట్లు ఎక్కువసేపు నిలబడకుండా చేయడం గురించి మీరు చెప్పిన పని నన్ను బాగా ఆకట్టుకుంది. ఆ టీమ్‌లో పనిచేయాలన్నదే నా కోరిక. మీ సమయానికి మరోసారి ధన్యవాదాలు.’

అంతే. ‘రెండు ఇంటర్వ్యూలు ఉండటంతో హడావిడిలో’ అని కారణం రాయాలనిపిస్తుంది. రాయకండి, అది ఆమె అనుమానాన్ని మీరే ఖాయం చేయడం. ఆటోకరెక్ట్ మీద నెట్టినా ఎవరూ నమ్మరు, కంపెనీ పేరును అది తెచ్చి పెట్టదు కదా. ‘సిగ్గుగా ఉంది, దయచేసి నన్ను తప్పుగా అనుకోకండి’ లాంటి మాటలూ వద్దు. తప్పు ఒక్క పదానిది, క్షమాపణ కూడా ఒక్క వాక్యమే ఉండాలి.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, సెంట్‌లో ఉన్న నిన్నటి మెయిల్ తెరిచి దానికే రిప్లై ఇవ్వండి. రెండూ ఒకే చోట కనిపిస్తాయి, మీరెవరో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. టూ దగ్గర మీ అడ్రస్ కాకుండా ఆమెదే ఉందో లేదో చూడండి. నిన్న హెచ్ఆర్‌ని సీసీలో పెట్టి ఉంటే ఇప్పుడూ ఉంచండి, లేకపోతే కొత్తగా చేర్చకండి. పంపేముందు ఆమె పేరును ఇంటర్వ్యూ ఆహ్వానం వచ్చిన మెయిల్‌లోంచి చూసి అక్షరం అక్షరం సరిపోల్చండి. సవరణలో మళ్లీ తప్పు దొర్లితే ఇంకో సవరణ పంపే దారి ఉండదు.

చాలాచోట్ల ఇంటర్వ్యూ చేసినవాళ్లు అదే రోజు తమ అభిప్రాయం రాసి ఇచ్చేస్తారు. మీ మెయిల్ చేరేసరికే ఆమె రాసేసి ఉండొచ్చు, అందులో ఉండేది మీరు చెప్పిన జవాబుల గురించే. కాబట్టి ఈ ఒక్క మెయిల్ వల్ల ఉద్యోగం వస్తుందనీ పోతుందనీ లెక్కలు వేసుకోకండి. జవాబు రాకపోయినా కోపం వచ్చిందని అర్థం కాదు, ఇలాంటి మెయిల్స్‌కి తిరిగి రాసేవాళ్లు తక్కువ. ఫలితం ఎప్పుడు చెబుతామన్నారో ఆ రోజు దాటేదాకా ఇంకేమీ పంపకండి.

తర్వాతి రౌండ్‌కి పిలిస్తే మీరుగా ఈ ప్రస్తావన తేవద్దు. ఆమే అడిగితే మాత్రం ‘అవును మేడమ్, పంపేముందు చివరిదాకా చదవలేదు, చూసిన రోజే సరిచేశాను’ అని చెప్పి, ఆమె తర్వాతి ప్రశ్న వినండి.